మందు వాసన పోయిన తెల్లారి

గజ్వేల్ మీదుగా దౌల్తాబాద్ వైపు వెళ్తూ, ఊరి శివారులోని ఆ రిసార్ట్‌కు ఆదివారం సాయంత్రం చేరాను. గేటు దాటి పూల్ వైపు నడుస్తుంటేనే ఘాటైన మందు వాసన తగిలింది. పొద్దున ఏదో పెళ్లివారి హల్దీ జరిగిందట. పసుపు పూసుకున్నవాళ్లు అలాగే నీళ్లలోకి దూకారు. గట్టున తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ పిల్లల కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక తల్లి, "క్లోరిన్ బాగా ఎక్కువ కలిపినట్టున్నారు" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

పూల్ చూసుకునే తమ్ముడు ఒప్పుకోలేదు. "ఎక్కువైతే గిట్ల వాసన రాదు సార్. మందు సరిపోక వస్తున్నది. చూపిస్త, ఆగుర్రి" అన్నాడు.

ఏడు గంటలకు ఆఖరి మనిషి బయటికి వచ్చాక గేటుకు గొలుసు వేసి పరీక్ష మొదలుపెట్టాడు. నీళ్లలో మనుషులుండగా టెస్టు కిట్టు ముట్టుకోడు. సీసాలోని రంగు మీద కళ్లుంటే నీళ్లలోని మనిషి మీద ఉండవంటాడు. పగలు పరీక్ష చేయాల్సి వస్తే ముందు రెండో మనిషి కుర్చీలోకి వచ్చి కూర్చోవాలి.

మోచేతి లోతున, నీళ్లు లోపలికొచ్చే రంధ్రాలకు దూరంగా, నమూనా ముంచాడు. ఒక బిళ్ల వేస్తే లేత గులాబీ రంగు వచ్చింది. పక్కనున్న రంగుల అచ్చుతో పోలిస్తే 1.2 పీపీఎం. ఇది ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనిచేయగల మందు. అదే సీసాలో ఇంకో రకం బిళ్ల వేశాడు. రంగు ముదిరి 2.0కు చేరింది. ఇది మొత్తం క్లోరిన్. రెండింటి తేడా 0.8. ఆ సాయంత్రం కథంతా ఆ తేడాలోనే ఉంది.

చెమట, మూత్రం, ఒంటి నూనెలతో కలిసిపోయిన క్లోరిన్ అది. క్లోరమిన్లుగా మారాక క్రిముల మీద దాని పట్టు చాలా తగ్గిపోతుంది. పైగా గాలిలోకి లేచి కళ్లను మండిస్తుంది, ముక్కుకు గుచ్చుకుంటుంది. మనం శుభ్రతకు గుర్తుగా తీసుకునే వాసన అదే. ఈ తేడా 0.4 దాటకూడదన్నది ఇక్కడ పాటించే హద్దు. ఆ రోజు దానికి రెట్టింపు ఉంది.

పీహెచ్ చూస్తే 7.9. ఇక్కడి బోరు నీళ్లు గట్టివి, క్షారం ఎక్కువ, అందుకే పీహెచ్ ఎప్పుడూ పైకే పాకుతుంది. 7.9 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు పావు వంతే చురుగ్గా క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 7.4కు దించితే అది సగం దాటుతుంది. అందుకని ముందు యాసిడ్, తర్వాతే మందు. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, బకెట్‌లో ముందు నీళ్లు పోసి ఆ తర్వాతే యాసిడ్ పోశాడు. రెండు లీటర్లను రెండు దఫాలుగా, పంపు తిరుగుతుండగా లోతైన వైపు వదిలాడు. నీళ్లు కలిసేదాకా ఆగి మళ్లీ చూస్తే 7.5. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. ఈ పని రాత్రే ఎందుకంటే పగటి ఎండ కొత్తగా వేసిన క్లోరిన్‌ను తినేస్తుంది.

ఇక లెక్క. పూల్ పొడవు 15 మీటర్లు, వెడల్పు 8, సగటు లోతు 1.2. అంటే 144 ఘనపు మీటర్లు, 1,44,000 లీటర్లు. ఆ కట్టుబడ్డ క్లోరిన్‌ను విడగొట్టాలంటే దానికి పది రెట్లకు ఫ్రీ క్లోరిన్‌ను ఒక్కసారిగా లేపాలి. 0.8కి పది రెట్లు 8. ఉన్నది 1.2, కావలసింది 6.8. ఘనపు మీటరుకు ఒక గ్రాము వేస్తే ఒక పీపీఎం పెరుగుతుంది కనుక, 144ను 6.8తో గుణిస్తే దాదాపు 980 గ్రాముల క్లోరిన్. వాళ్ల దగ్గరున్న కాల్షియం హైపోలో పనిచేసే క్లోరిన్ 65 శాతం, కాబట్టి కిలోన్నర తూచాడు. కొంచెం కొంచెంగా వేస్తూ పోతే ఇది తెగదు. సగం మోతాదు వేస్తే క్లోరమిన్లు పూర్తిగా విరగవు, వాసన అలాగే మిగులుతుంది.

ఆ డబ్బా ఒక గదిలో, రోజువారీ వాడే ట్రైక్లోర్ బిళ్లలు వేరే గదిలో ఉన్నాయి. చెంచా కూడా వేరే. ఆ రెండు మందులూ ఒకదానికొకటి తగిలితే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. బిళ్లల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. అవి కరిగినప్పుడల్లా ఎండ నుంచి క్లోరిన్‌ను కాచే సయనూరిక్ యాసిడ్ నీళ్లలో మిగిలిపోతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మంచిదే. కానీ అది వాడుకలో అంత తేలిగ్గా ఖర్చు కాదు. పేరుకున్న కొద్దీ క్లోరిన్ మందగిస్తుంది. అప్పుడు కొంత నీళ్లు పారబోసి కొత్తవి నింపడమే దారి. బోర్లు అడుగంటే వేసవిలో అది తలనొప్పి వ్యవహారం.

మందు పోసిన కాసేపటికి, పోసిన వైపే నీళ్లు ముంచి పరీక్ష బిళ్ల వేశాడు. రంగే రాలేదు! సున్నా అనుకుని కంగారుపడ్డాను. అతను నవ్వి బ్యాటరీ నీళ్ల సీసా తీశాడు. ఒక వంతు పూల్ నీళ్లకు నాలుగు వంతులు అవి కలిపి మళ్లీ బిళ్ల వేశాడు. గులాబీ, 3. ఐదు రెట్లు చేస్తే 15. ఇంకా కలవని చోట మందు అంత చిక్కగా ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన రంగునే చెరిపేస్తుంది. అది తెలియని కొత్తవాడు తెల్లని సీసా చూసి ఇంకో కిలో పోస్తాడు. ఈ ఒక్క సంగతి ప్రతి పూల్ గది గోడ మీదా రాసి ఉండాలని నాకనిపించింది.

రాత్రంతా పంపు తిరిగింది. ఫిల్టర్ గేజి శుభ్రంగా ఉన్నప్పటి కంటే 10 పీఎస్ఐ ఎక్కువ చూపితే ఇసుకను వెనక్కి కడిగేశారు. పసుపు నీళ్లు బయటికి వచ్చాయి.

పక్కనున్న జకూజీ సంగతి వేరు. 2,000 లీటర్లే. అందులో నలుగురు కూర్చుంటే పెద్ద పూల్‌లోకి రెండు మూడు వందల మంది దిగినట్టు. వేడికి క్లోరిన్ త్వరగా పోతుంది, లెజియోనెల్లా అనే క్రిమికి ఆ వెచ్చదనం ఇష్టం, బుడగలు దాన్ని తుంపరతో ఊపిరిలోకి చేరుస్తాయి. అందుకని ఇక్కడ క్లోరిన్ 3కు తగ్గనివ్వరు, వేడి 40 డిగ్రీలు దాటనివ్వరు. మనిషికి పదకొండు లీటర్ల చొప్పున లెక్కేస్తారు. రోజుకు పాతికమంది దిగితే ఏడు రోజులకు నీళ్లన్నీ తీసేసి, గొట్టాలు కడిగి కొత్తవి నింపాలి. గర్భిణులను, మద్యం తాగినవాళ్లను, చిన్నపిల్లలను దింపరు. దీనిమీద గొడవ పడే అతిథులు వారానికొకరు ఉంటారట.

తెల్లవారి అయిదున్నరకు వెళ్లాను. గాలిలో వాసనే లేదు. పరీక్ష చేస్తే ఫ్రీ క్లోరిన్ 4.2, మొత్తం 4.4. నిన్నటికి మూడు రెట్లకు పైగా మందుంది, ముక్కుకు మాత్రం ఏమీ తెలియడం లేదు. తేడా 0.2. తమ్ముడు సీసా నా చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పుర్రి సార్, ఎప్పుడు ఎక్కువున్నట్టు?" అన్నాడు.

అయినా గేటు తీయలేదు. 3కు దిగేదాకా ఎవరినీ దింపడు. పదిన్నరకు ఎండ ఆ పని చేసింది. ఈలోగా అడుగున ఉన్న డ్రెయిన్ మూత స్క్రూలు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూశాడు. వదులైన మూత కింది పీల్పు జుట్టును పట్టేస్తే పెద్దవాళ్లు కూడా విడిపించుకోలేరు.

పదకొండు గంటలకు మొదటి కుటుంబం వచ్చింది. షవర్ దగ్గరే నిలబడి, తలకు నూనె ఉన్న పిల్లను, "అమ్మా, సబ్బుతోని కడుక్కొని రా బిడ్డా" అని వెనక్కి పంపాడు. తల్లి మొహం చిట్లించింది. రాత్రి కిలోన్నర మందు మింగింది ఆ నూనె, ఆ పసుపే. షవర్ దగ్గర ఒక్క నిమిషం ఆపితే ఆ లెక్క చాలా తగ్గుతుంది. ఆమెకు అది ఓపిగ్గా చెప్పాడు.

తర్వాత రెండో కుర్రాడు ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. ఫోను గదిలోనే వదిలి వచ్చాడు. పది సెకన్లలో తన వైపు నీళ్లన్నీ ఒకసారి చూపుతో తుడవాలి, ఇరవై సెకన్లలో ఏ మూలకైనా చేరాలి. మునిగే పిల్ల అరవదు, చేతులూపదు, నిలువుగా మౌనంగా దిగిపోతుంది. అందుకే చెవులను నమ్ముకోడు. అరగంటకు మనిషి మారాలి, మారేటప్పుడు తలలు లెక్కపెట్టి ఒప్పజెప్పాలి.

నేను బయల్దేరేసరికి అతను ఏడుగురిని లెక్కపెట్టి తమ్ముడికి చెబుతున్నాడు. తమ్ముడు కుర్చీ ఎక్కకముందు గట్టు మీంచి వంగి నీళ్ల అడుగుకేసి చూశాడు. డ్రెయిన్ మూత మీది గీతలు స్పష్టంగా కనిపించాయి. అవి మసకబారిన రోజు, పరీక్షలో ఏమొచ్చినా సరే, అందరినీ బయటికి పిలుస్తాడు.