అన్న మెయిల్

మా అన్న డోర్నకల్ స్టేషన్ దగ్గర మూడేళ్లు నడిపిన సెల్‌ఫోన్ షాపు పోయినేడు మూసిండు. అమ్మ గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. జాబ్ కోసం ఆయన రాసిన మెయిల్ చూసి ఏడుపొచ్చింది: "అంతా నష్టపోయిన, దయచేసి ఏదైనా పని ఇవ్వండి."

"అన్నా, జాలి వద్దు. చేసిన పని రాయి, మూసిన కారణం ఒక్క లైన్‌లో చెప్పు" అన్న. రాత్రి హాస్టల్ నుంచి ఫోన్‌లో మాట్లాడుకుంటా మార్చినం:

"మూడేళ్లు సొంత షాపు నడిపాను. కొనుగోలు, స్టాకు, రోజువారీ లెక్కలు నేనే చూసుకున్నాను. ఉద్దెర ఎక్కువిచ్చి, వసూలు కాక మూసేశాను. ఇప్పుడు ఉద్దెర ఎక్కడ ఆపాలో తెలుసు. మీ స్టోర్‌లో సేల్స్, స్టాకు పని చేయగలను."

"ఉద్దెర సంగతి తీసేద్దామా?" అన్నడు. వద్దన్న. దాస్తే ఇంటర్వ్యూలో దొరుకుతడు.

ఖమ్మంల ఒక స్టోరోళ్లు పిలిచిండ్రు. మేనేజర్ మొదట అడిగింది ఉద్దెర గురించే. రెండోది, "మళ్లీ షాపు పెట్టుకుని పోతవా?" అన్న దానికి మాత్రం మేం జవాబు అనుకోలే. మీరు ముందే అనుకోండి.