ట్రయాజ్ అంటే ఏంది పాపా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పోస్టు కొంచెం పొడుగైంది. ఓపికగా చదవండి. ఇంట్లో పెద్దోళ్ళకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

నేను తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నా. పోయిన వానాకాలంలో ఒకరోజు తెల్లారి ఐదున్నరకి పిన్నమ్మ ఫోన్ చేసింది. వాళ్ళది పుత్తూరు వైపు మన యానాదుల కాలనీ. తమ్ముడికి మూడు గంటల నుంచి కడుపునొప్పి, రెండుసార్లు వాంతి కూడా అయింది, 108లో తిరుపతికి తీసుకొస్తా ఉండాం అని చెప్పింది. నేను హాస్టల్ నుంచి ఆసుపత్రికి పోయేసరికి వాడు వీల్‌చైర్‌లో కూర్చోనుండాడు. చేతికి పసుపు పట్టీ కట్టినారు. పిన్నమ్మ గోడకి ఆనుకుని ఏడుస్తా ఉంది.

"మనం ముందొచ్చినాం పాపా. మా తర్వాత ఇద్దరొచ్చినారు, వాళ్ళని నేరుగా లోపలికి తోసుకోని పోయినారు. మనకి చెప్పేవాళ్ళు ఎవురూ లేరనే కదా? ఆ బోర్డు మీద ఏమో రాసుండాది, అదేంది?"

బోర్డు మీద ఉండేది ట్రయాజ్ అనే మాట. ఆమె కోపం నాకు అర్థమైంది. రేషన్ కాడ, ఆఫీసుల కాడ మనల్ని పక్కన నిలబెట్టడం ఆమె జీవితమంతా చూసింది. ఇది కూడా అదే అనుకుంది. అందుకే పుస్తకంలో మాట చెప్పకుండా ఆమె పని గురించి అడిగినా. మామిడి సీజన్లో పిన్నమ్మ చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి పోతాది.

"పిన్నమ్మా, లారీలో వచ్చిన కాయల్ని వచ్చిన వరసలోనే మిషన్‌కి వేస్తారా?"

"అట్లెట్లా వేస్తారు? బాగా మాగింది ముందు పోవాల, లేకుంటే సాయంత్రానికి కుళ్ళిపోతాది. దోరకాయ ఆగుతాది. పచ్చికాయ మాగేదాకా పక్కన పెడతాం."

"అదే ట్రయాజ్. అది ఫ్రెంచి మాట. ఏరడం, వేరు చేయడం అని అర్థం. ముందు సరుకుల్ని ఏరేదానికే ఆ మాట వాడేవాళ్ళు, ఆ తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది."

ఆ మాట వెనక ఉండే పద్ధతి యుద్ధంలో మొదలైంది. 200 ఏళ్ళ కిందట నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ ఉండేవాడు. గాయపడినోడు అధికారా, మామూలు సిపాయా అని చూడొద్దు, ఎవరి గాయం ప్రమాదమో వాళ్ళకి ముందు వైద్యం చేయాలన్నాడు. అంటే ఈ పద్ధతి పుట్టిందే సిఫారసుకి ఎదురుగా. పిన్నమ్మకి అదే చెప్పినా.

వాళ్ళ తర్వాత వచ్చిన ఇద్దరి సంగతి కూడా చెప్పినా. ఒక తాత ఎగశ్వాస తీసుకుంటా వచ్చినాడు, మాట పూర్తిగా చెప్పలేకపోతున్నాడు. ఇంకొకాయన రోడ్డు మీద బండి గుద్దుకుని, రక్తం పోయి, బీపీ పడిపోయి వచ్చినాడు. ట్రయాజ్ బల్ల కాడ నర్సు రోగం పేరు తేల్చదు. ఊపిరి ఆడతా ఉందా, నాడి, బీపీ, ఆక్సిజన్ ఎట్లుండాయి, తెలివి ఉందా అని రెండు మూడు నిమిషాల్లో చూస్తాది. ఇప్పుడే చేయి వేయకపోతే ప్రాణం పోయేవాళ్ళకి ఎరుపు. కొంతసేపు ఆగగలిగినా కన్నేసి ఉంచాల్సినోళ్ళకి పసుపు. నడుస్తా, మాట్లాడతా, తీరిగ్గా చూడగలిగినోళ్ళకి పచ్చ. తమ్ముడి నాడి, బీపీ బాగుండాయి, ఆక్సిజన్ 98. కడుపునొప్పి అని రాసుకుని పసుపు ఇచ్చినారు. ఆ నిమిషానికి కనిపించినదాన్ని బట్టి అది తప్పు కాదు.

పిన్నమ్మ కొంచెం కుదుటపడి, ఒక మాట అడిగింది. "దోరకాయ పొద్దునకి మాగిపోతాది పాపా. మేము గంటకోసారి తిరిగి ఏరతాం. ఈళ్ళు ఏరతారా?"

ఏరాల. పసుపు పట్టీ అంటే అర్థమే అది, మళ్ళీ వచ్చి చూడాల. కానీ ఆ తెల్లారి ఇద్దరు నర్సులు, నిండిన హాలు. ఆ మధ్య సమయంలో రోగి పక్కన ఉండేది మనమే. అందుకే చెప్పినా, "వాణ్ణి చూస్తా ఉండు. ఏం మారినా నాకు చెప్పు."

పావుగంటకి ఆమే పిలిచింది. "ఏంది పాపా, వీడు తల వెనక్కి వాల్చి చూస్తా ఉండాడు? నిద్రా?"

నిద్ర కాదు. రెప్పలు పైకి లేవక, గడ్డం ఎత్తి రెప్పల కింద నుంచి చూస్తా ఉండాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. "రాత్రి యాడ పడుకున్నాడు?" అని అడిగినా. "ఇంట్లోనే, నేల మీద. చాపేసుకుని." ఈ మాట బల్ల కాడ ఎవరూ చెప్పలేదు. తెల్లకోటు వాళ్ళ ముందు పిన్నమ్మకి గొంతు రాలేదు. కడుపునొప్పికి, నేల మీద పడుకోడానికి సంబంధం ఉందని ఆమెకి ఎట్లా తెలుస్తాది?

కట్లపాము రాత్రిపూట ఇండ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నోళ్ళని కరుస్తాది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, గాటు కూడా కనపడకపోవచ్చు. చాలామంది లేవను కూడా లేవరు. తెల్లారి కడుపునొప్పి, వాంతులు అంటారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతాది, మింగలేరు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి.

నేను పరుగెత్తి నర్సక్కకి ఒకే వాక్యం చెప్పినా, "అక్కా, పసుపు పట్టీ అబ్బాయి నేల మీద పడుకున్నాడంట, ఇప్పుడు రెప్పలు వాలిపోతా ఉండాయి." ఆమె వెంటనే వచ్చి, పైకి చూడమనింది. రెప్పలు నిలబడలా. ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనింది. పదకొండు దగ్గర ఆగిపోయినాడు. ఊపిరి బాగుండేవాళ్ళు ఇరవై దాటి తేలిగ్గా లెక్కపెడతారు. ఆక్సిజన్ మాత్రం ఇంకా 97 చూపిస్తా ఉంది. మిషన్‌లో అంకె పడేదాకా ఆగుంటే ఆలస్యమయ్యేది. అక్కడే పసుపు పట్టీ తీసేసి ఎరుపు కట్టినారు.

లోపల పాము విషానికి విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించినారు. కట్లపాము విషం ఒకసారి నరాల చివర్లు దెబ్బతీసినాక ఆ మందు దాన్ని వెనక్కి తిప్పలేదు, ఒంట్లో ఇంకా తిరిగే విషాన్నే ఆపుతాది. కండరాలు మళ్ళీ పనిచేసేదాకా ఊపిరి బయట నుంచి ఇయ్యాల. గంటలోపే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టినారు. నాలుగో రోజు తీసేసినారు. మొదట అడిగింది నీళ్ళు.

పిన్నమ్మ నన్ను తర్వాత అడిగింది, "ముందే ఎరుపు కట్టుంటే?" పాము సంగతి ముందే తెలిసుంటే కట్టేవాళ్ళే. పాము కరిచిందని అనుమానం ఉన్నా సరే, చూడటానికి రోగి బాగున్నా సరే, అది ఆగే కేసు కాదు. ట్రయాజ్ అంటే రెండు నిమిషాల తీర్పు. అది మనం చెప్పిన మాట మీద, వాళ్ళు చూసిన అంకెల మీద నిలబడుతుంది. మాట తక్కువైతే తీర్పు తప్పుతాది.

అందుకే ఈ పోస్టు. మన కాలనీల్లో ఇంకా చానామంది నేల మీదే పడుకుంటారు. తెల్లారి ఎవరికైనా కడుపునొప్పో వాంతో వస్తే, బల్ల కాడ మొదటి మాటగా అది చెప్పండి. పట్టీ కట్టినాక మనిషి ముఖం చూస్తా ఉండండి. ఏదన్నా మారితే "మమ్మల్ని ఎప్పుడు చూస్తారు?" అని అడగొద్దు, దానికి "ఆగండి" అనే జవాబే వస్తాది. "ఇందాక కళ్ళు బాగా తెరిచినాడు, ఇప్పుడు తెరవలేకపోతున్నాడు" అని, ఏం మారిందో చెప్పండి. ఆ మాటకి ఎవరూ ఆగమనరు. మళ్ళీ ఏరతారు.