మూడో పేరు

ఉస్మాన్‌గంజ్‌లో ఓ పాత మేడ మీద ఉండే అమ్మమ్మ, షికాగోలోని మనవడికి ఉత్తరం రాసింది. ఫోన్లో చెప్పబోతే "నమ్మకం లేకుండా చేస్తే నాటకం కాదా అమ్మమ్మా?" అన్నాడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచించి నాలుగు పేజీలు నింపింది.

విషయం తాతయ్య తద్దినం. గంజ్‌లో పప్పుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసిన ఆయనకు కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. ఇన్నేళ్ళూ ఆయన తమ్ముడి కొడుకు పెడుతూ వచ్చాడు. పోయినేడు అతనూ కాలం చేశాడు.

"చిరంజీవికి అమ్మమ్మ ఆశీస్సులు. కూతురి కొడుకుని, నాకేం సంబంధం అనుకోకు. శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడని మనుస్మృతిలో ఉంది. దౌహిత్రుడు, కుతపం, నువ్వులు. కుతపమంటే మిట్టమధ్యాహ్నం వేళ, అది అందరికీ వస్తుంది. నువ్వులు మన గంజ్‌లోనూ దొరుకుతాయి, మీ ఊళ్ళోనూ దొరుకుతాయి. దౌహిత్రుడివి నువ్వొక్కడివే.

నమ్మకం సంగతి అడిగావు. పిండాల దగ్గర పంతులుగారు గోత్రంతో మూడు పేర్లు చెప్పిస్తారు. మీ తాతయ్య, వాళ్ళ నాన్న, వాళ్ళ తాత. మా మామగారిని నేను చూశాను. ఆయన తండ్రిని మీ తాతయ్య కూడా చూడలేదు. ఫోటో లేదు, కాగితం లేదు. తద్దినం నాడు వంటింట్లో గారెలు వేస్తూ వినబట్టే ఆ పేరు నాకు తెలిసింది. ఏడాదికోసారి ఎవరో ఒకరు పలకబట్టే అది మిగిలింది. నమ్మి పలుకుతావో, నమ్మక పలుకుతావో నీ ఇష్టం నాయనా. పలికేవాడు లేకపోతే మాత్రం పోతుంది."

తర్వాతి పేజీ అంతా తేదీ గురించే. పెద్దావిడ లెక్క గట్టిది. తిథి లోకమంతా ఒకే క్షణాన మొదలవుతుంది, గడియారాలే వేరు. తద్దినానికి అపరాహ్ణంలో, అంటే సుమారు ఒంటిగంటా పావు నుంచి మూడున్నర దాకా, ఉన్న తిథిని చూస్తారు.

"మాఘ బహుళ విదియ ఇక్కడ సోమవారం రాత్రి 7కి వచ్చి మంగళవారం సాయంత్రం 6కి పోయిందనుకో. మాకు తద్దినం మంగళవారం. చలికాలంలో మీ గడియారం పదకొండున్నర గంటలు వెనక కదా? మీకు విదియ సోమవారం పొద్దున 7.30కి వచ్చి, మంగళవారం తెల్లారి 6.30కే వెళ్ళిపోతుంది. నువ్వు సోమవారమే పెట్టాలి. ఇక్కడి క్యాలెండర్ చూసి మంగళవారం కూర్చుంటే తదియ నాడు పెట్టినట్టు. మీ ఊరి పంచాంగం గుళ్ళో అడుగు.

వంట కుదరకపోతే బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి స్వయంపాకంగా ఇవ్వు. అదీ కాకపోతే దక్షిణ. ఏమీ లేనివాడు చేతులు పైకెత్తి, నా దగ్గర భక్తి తప్ప ఏమీ లేదని పితృదేవతలకు చెప్పుకోవచ్చని విష్ణుపురాణంలో ఉంది. ఉద్యోగం ఉన్నవాడివి, నువ్వు అందాకా పోకు."

చివరి పేజీలో గోత్రం, మూడు పేర్లు పెద్ద అక్షరాలతో రాసింది. మూడో పేరు కింద గీత గీసి, "దీర్ఘం మింగొద్దు" అని పక్కనే చేర్చింది.