డిపాజిట్ మీద జీఎస్టీ ఎందుకు?

సోలాపూర్‌లో మన పద్మశాలి ఇళ్లల్లో సాంచాల చప్పుడు తగ్గుతున్నకొద్దీ పిల్లలు ఇంజనీరింగ్ వైపు పోతున్నరు. మా తమ్ముడి కొడుకు కూడా అట్లనే మెకానికల్ చదివి, ఆరు నెలలుగా ఉద్యోగం వెతుకుతున్నడు. ఖాళీగా ఉండడం ఎందుకని మా టవల్స్ బిల్లులు రాసే పని కూడా చూస్తున్నడు. చివరికి వాణ్ణి కాపాడింది ఆ పనే.

ఒకరోజు ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ నుంచి అన్నరు. పైగా మాటలన్నీ తెలుగులో. మనవాడి మరాఠీ కలిసిన తెలుగు విని, "మీది సోలాపూరా, మా మేనత్త వాళ్లు కూడా అక్కడే" అన్నడట ఆ మనిషి. దాంతో మావాడు సగం కరిగిపోయిండు. ఇందులో మాయ ఏమీ లేదు. ఉద్యోగాల సైటులో పెట్టిన రెజ్యూమెలో వచ్చిన భాషలు, ఊరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నీ ఉన్నయి. ఎవరు కొన్నా, కాజేసినా ఆ కాగితమే వాళ్లకు మేనత్త.

వీడియో ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు జరిగింది, అవతలి కెమెరా మాత్రం తెరవలేదు. మర్నాడు ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో కంపెనీ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా ఉన్నయి. మావాడు ఆ నంబరును ప్రభుత్వ సైటులో వెతికితే కంపెనీ పేరు నిజంగానే వచ్చింది. వస్తది మరి, అసలు కంపెనీ నంబరునే ఎత్తి పెట్టిండ్రు. ఆ పరీక్షతో తేలేది కంపెనీ ఉందని మాత్రమే, లెటర్ పంపింది వాళ్లేనని కాదు. నేనైతే ఈ సంగతి ముందుగా అనుకోలేదు, వాడు చెప్పినంక అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం అసలు మాట వచ్చింది. ల్యాప్‌టాప్ పంపాలంటే డిపాజిట్ కట్టాలి, మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తరు. సాయంత్రం ఆరులోపు కడితేనే సోమవారం జాయినింగ్. శనివారం ఎందుకంటే, అనుమానం వచ్చి కంపెనీకి ఫోన్ చేసినా ఎత్తేటోళ్లు ఉండరు. మొత్తం రూ. 14,750. మా తమ్ముడు డబ్బు సిద్ధం చేసిండు కూడా.

పిల్లగాడు ఫోన్ పట్టుకొని కట్టబోతూ బిల్లు చూసిండు. డిపాజిట్ 12,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,250. వాని చెయ్యి అక్కడ ఆగింది. "పెదనాన్న, తిరిగి ఇచ్చే పైసల మీద జీఎస్టీ ఏంది?" అని నన్ను అడిగిండు. మేము టవల్స్ అమ్మితే పన్ను వేస్తం, ఎందుకంటే సరుకు పోతది. ఎవరన్నా అడ్వాన్స్‌గా తాకట్టు పెట్టి, తర్వాత తీసుకుపోయే డబ్బు అమ్మకం కాదు కదా. అది అలాగే తిరిగిస్తే దాని మీద పన్ను పడదు. పోనీ 12,500 తిరిగిచ్చినా ఆ 2,250 ఎవరిస్తరు?

వాడు అదే అడిగితే, "అది వెండర్ బిల్లు సార్, మీరు ఫ్రెషర్ కదా, తెలియదు" అన్నడట. అప్పుడు మావాడు జీఎస్టీ నంబరు మీద కన్నేసిండు. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మేము హైదరాబాద్ పార్టీలకు రాసే బిల్లులన్నిట్లో వాళ్ల నంబరు 36తో మొదలవుతది, మాది 27తో. ఈ బిల్లులో దుకాణం చిరునామా సికింద్రాబాద్, నంబరు మాత్రం 07. అది ఢిల్లీది. ఆన్‌లైన్‌లో వెతికితే ఆ నంబరు వేరే ఎవరో వ్యాపారిది, ల్యాప్‌టాప్‌లకు సంబంధమే లేదు. యూపీఐలో కనబడిన పేరు ఇంకో మూడో మనిషిది.

వాడు కట్టలేదు, గొడవ పడలేదు. "సోమవారం నేనే ఆఫీసుకు వచ్చి కడతా" అన్నడు. అవతలి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ముందు బతిమాలుడు, తర్వాత ఆఫర్ రద్దు చేస్తమని బెదిరింపు. ఆరున్నరకు ఫోన్లు ఆగిపోయినయి.

ఆ లెటర్‌లో ఉన్న ఈ-మెయిల్‌కు కాకుండా, కంపెనీ సొంత సైటులో ఉద్యోగాల పేజీలో ఉన్న చిరునామాకు మావాడు ఆఫర్ కాపీ పంపిండు. మంగళవారం జవాబు వచ్చింది, ఆ రిఫరెన్స్ నంబరుతో తాము ఏ లెటరూ ఇవ్వలేదని. డబ్బు పోలేదు గనుక ఫోన్ నంబరును sancharsaathi.gov.in లోని చక్షులో నమోదు చేసిండు. డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె. ఎంత తొందరగా చెబితే, ఆ సొమ్ము ఖాతాలో ఉండగానే ఆపే వీలు అంత ఎక్కువ.

రెజ్యూమెలో నుంచి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా తీసేసిండు. వచ్చే వారం పూణెలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది, ఈసారి ఆఫీసులోనే. అందాకా బిల్లులు వాడే రాస్తున్నడు.