సబ్బు తగిలితే ఎర్రబడే పసుపు

మొన్న ఆదివారం పప్పుచారు పోసుకుంటూ తెల్లచొక్కా మీద రెండు చుక్కలు పడేసుకున్నాను. గబగబా సబ్బు రుద్దితే పచ్చమరక కాస్తా ఎర్రగా తిరిగింది. "తాతయ్యా, రక్తం!" అని మా మనవరాలు ఒకటే కేక. మీ ఇళ్ళల్లోనూ ఈ నాటకం జరిగే ఉంటుంది. సరే, కూర్చోబెట్టి చూపించేద్దామనుకున్నాను.

అర చెంచా పసుపు రెండు చెంచాల నీళ్ళలో కలిపి తెల్లకాగితానికి పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాం. మూడు గిన్నెల్లో సబ్బునీళ్ళు, వంటసోడా నీళ్ళు, నిమ్మరసం. మొదలుపెట్టేముందు నేను పైకే చెప్పాను, వంటింట్లో ఉన్న కోడలికీ వినపడాలని: "నిమ్మకాయ కోసేది నేను. ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. తడిచేత్తో కళ్ళు నులుముకోవద్దు. బాత్రూమ్ కడిగే సీసాలు ఈ బల్ల దగ్గరికి రావు." అమ్మానాన్నలూ, ఇది మనసులో అనుకుంటే చాలదు, పైకి అనండి. పిల్లలు మనల్నే అప్పజెబుతారు.

దూదిపుల్లతో సబ్బునీళ్ళు గీస్తే ఇటుకరంగు చార పడింది. సోడాది కాస్త పేలవం. ఎరుపు మీద నిమ్మరసం పెట్టగానే మళ్ళీ పసుపు! పసుపులో కర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. పులుపు దగ్గర పచ్చగా ఉంటుంది, క్షారం తగిలితే దాని నిర్మాణం కొద్దిగా మారి ఎర్రబడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో గీస్తే మాత్రం ఏమీ రాలేదు. పిల్ల బిక్కమొహం వేసింది. అలాంటివాటిలో చాలావాటికి క్షారగుణం పెద్దగా ఉండదు, ప్రయోగం తప్పు కాదు. ఒంటిసబ్బు బిళ్ళ అరగదీసిన నీళ్ళయితే నయం.

"మరి దిష్టి తీసే ఎర్రనీళ్ళు?" అంది. అదీ ఇదే, పసుపూ సున్నమూ. కానీ సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి. తాంబూలం డబ్బాలోదేగా అని తేలిగ్గా తీసుకోవద్దు, కంట్లో పడితే చూపే పోవచ్చు. పొరపాటున పడితే నలపకుండా ధారగా మంచినీళ్ళతో కనీసం ఇరవై నిమిషాలు కడుగుతూ, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వంటసోడా, నిమ్మరసం కలిపితే బుసబుసా పొంగుతుంది, సరదాయే. మూతపెట్టిన సీసాలో మాత్రం వద్దు, గాలి బిగిసి పేలుతుంది.

చివరికి ఆ పిల్ల సబ్బునీళ్ళతో తన పేరు రాసుకుంది. ఒక అక్షరం తప్పుపడితే నిమ్మరసంతో తుడిచి, దాని మీదే మళ్ళీ రాయబోయింది. ఎంత గీసినా ఎరుపు రాదే! "పులుపు ఇంకా అక్కడే కూర్చుందమ్మా" అన్నాను. కొత్త కాగితం తెమ్మని నన్నే పంపింది.