బళ్ళారి అని రాయాలా, కర్నూలు అని రాయాలా? నా ఫారం కథ

కొంచెం పెద్ద పోస్టే, కానీ ఫారాలు నింపేవాళ్ళు ఓపిగ్గా చదవండి. ఊరి పేరు ఒకటి రాయబోయి ఇంకొకటి రాసి నేను పడిన తిప్పలు మీరు పడకూడదనే రాస్తున్నా.

మాది కైరుప్పల దగ్గర ఒక సుగాలి తండా. కైరుప్పల అంటే ఉగాది మరుసటి రోజు పిడకల సమరం జరిగే ఊరు, టీవీలో చూసే ఉంటారు. ఇది మా యాడి పుట్టిల్లు. మా బా వాళ్ళది ఆదోని పక్క తండా, పెళ్ళయ్యాక ఇటు వచ్చి ఉండిపోయినాడు. ఇక నేను పుట్టింది ఈ రెండు చోట్లా కాదు. 2003లో వానల్లేక మా వాళ్ళు బళ్ళారికి పనికి పోయినారు. అక్కడ జీన్స్ కుట్టే చోట మా బా మూటలు మోసేవాడు. అక్కడి ఆస్పత్రిలోనే నేను పుట్టినా. నాకు ఏడాది నిండకముందే అందరూ తిరిగి వచ్చేసినారు. బళ్ళారి నాకు గుర్తు కూడా లేదు. కానీ నా బర్త్ సర్టిఫికెట్ మీద కన్నడంలోనూ, ఇంగ్లీషులోనూ ఆ ఊరే ఉంది. ఇంగ్లీషులో `Bellary` అని.

చదువు అయిపోయి ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి సెలెక్ట్ అయినా. మా తండాలో మొదటివాణ్ణి. జాయినింగ్‌కు ముందు అటెస్టేషన్ ఫారం అని ఒకటి ఇస్తారు. పోలీసు వెరిఫికేషన్ దాని మీదే జరుగుతుంది. అందులో అడ్రస్ గడి కాకుండా, ఒకదాని కింద ఒకటి మూడు ప్రశ్నలు ఉంటాయి. పుట్టిన ఊరు, అది ఉన్న జిల్లా, రాష్ట్రం ఏవి? మీరు ఏ జిల్లాకు, ఏ రాష్ట్రానికి చెందినవారు? మీ తండ్రి అసలు ఏ జిల్లాకు, ఏ రాష్ట్రానికి చెందినవారు?

నేను మూడూ ఒకటే అనుకున్నా. నెట్‌లో బళ్ళారిని ఇప్పుడు `Ballari` అని రాస్తున్నారు కదా, కొత్త పేరే కరెక్ట్ అని మొదటి గడిలో అదే రాసినా. రెండో దాంట్లో కర్నూలు రాసినా. మూడో దాని కోసం మా దాదా పాత భూమి కాగితం తీసి చూసినా. అందులో ‘ఆదోని తాలూకా, బళ్ళారి జిల్లా’ అని ఉంది. మా బాది అసలు బళ్ళారి జిల్లా అన్నమాట అనుకుని మళ్ళీ `Ballari, Karnataka` అని రాసేసినా. ఇక్కడే చెయ్యి కాల్చుకున్నా.

కాగితాలు చూసే ఆయన నా ఫైలు తిరగేసి, కళ్ళద్దాలు పైకి నెట్టి అడిగినాడు. “ఏం నాయనా, మీది కర్ణాటకా? మీ నాయనది కూడా కర్ణాటకే అని రాసినావే. అక్కడ లంబాణీలు ఎస్సీలో కదా ఉండేది? నువ్వు ఎస్టీ సర్టిఫికెట్ పెట్టినావే?”

నాకు నోట మాట రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మనం ఆంధ్రాలోనూ, తెలంగాణలోనూ ఎస్టీ. అదే బంజారా, లంబాణీ కర్ణాటకలో ఎస్సీ జాబితాలో ఉన్నారు. కులం ఒకటే, భాష ఒకటే, రాష్ట్రం గీత దాటితే జాబితా మారుతుంది. నేను రాసిన ఆ ఒక్క ‘కర్ణాటక’ మాట నా రిజర్వేషన్‌నే ప్రశ్నలో పడేసింది. ఫైలు పక్కన పెట్టి, వివరణ రాసి తెమ్మన్నాడు.

ఆ రాత్రి మా యాడి ఏడ్చింది. “ఆ ఊరికి పనికి పోకపోయినా బాగుండు” అనింది. నేను మాత్రం ఆదోనిలో మా సీనియర్ అన్న దగ్గరికి పోయినా. ఆయన రెవెన్యూ కాగితాలు బాగా చూసిన మనిషి. ఆయన విడమరిచి చెప్పిందే మీకు చెబుతున్నా.

మొదట బళ్ళారి స్పెల్లింగ్ సంగతి. కర్ణాటక ప్రభుత్వం 2014 నవంబర్ 1 నుంచి 12 ఊర్ల ఇంగ్లీషు పేర్లు మార్చింది. బెంగళూరు, మైసూరు, మంగళూరు, హుబ్లీ, హోస్పేట, బళ్ళారి అన్నీ అందులో ఉన్నాయి. `Bellary` అన్నది `Ballari` అయింది. కన్నడంలో మాత్రం అక్షరం కూడా మారలేదు. మన తెలుగులోనూ ముందూ బళ్ళారే, ఇప్పుడూ బళ్ళారే. అంటే మారింది ఊరు కాదు, ఇంగ్లీషు బోర్డు. మన కడప కూడా అంతే. 2005లో `Cuddapah` పోయి `Kadapa` వచ్చింది, తెలుగులో ఎప్పుడూ కడపే. 2010లో దానికి వైఎస్ఆర్ జిల్లా అని పెట్టినారు చూడండి, అది నిజంగా జిల్లా పేరు మారడం. మళ్ళీ 2025లో వైఎస్ఆర్ కడప జిల్లా అయింది. ఊరు మాత్రం కడపే.

నా సర్టిఫికెట్ 2003ది. ఆ రోజు ఆ ఊరి ఇంగ్లీషు పేరు `Bellary`. కాబట్టి అందులో తప్పేమీ లేదు. కొంతమంది కంగారుపడి, పాత పేరు ఉన్న బర్త్ సర్టిఫికెట్‌ను ‘కరెక్షన్’ చేయించాలని తిరుగుతారు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం, 1969లో సెక్షన్ 15 ఉంది. నమోదులో తప్పు పడితే సరిదిద్దడానికి అది. తర్వాత ఊరి పేరు మారడం నమోదులో తప్పు కాదు. డూప్లికేట్ కాపీ తీసుకుంటే దాని మీద కొత్త స్పెల్లింగ్ రావచ్చు. అప్పుడు భయపడకుండా రిజిస్ట్రేషన్ నంబరు, నమోదు తేదీ పాత కాపీతో కలుస్తున్నాయా చూసుకోండి. అవి కలిస్తే రెండూ ఒకటే. కలవకపోతే అది పేరు గొడవ కాదు, వేరే నమోదు వచ్చిందేమో చూడాల్సిందే.

ఇక అసలు చిక్కు, మా దాదా కాగితం. అన్న దాన్ని చూసి నవ్వినాడు. “ఒరేయ్, ఇది కర్ణాటక బళ్ళారి కాదురా. ఇది మద్రాసు బళ్ళారి” అన్నాడు.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఇదే. 1953 అక్టోబర్ 1కి ముందు బళ్ళారి జిల్లా మొత్తం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ జిల్లావే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజు ఈ మూడు తాలూకాలు ఆంధ్రాకు వచ్చినాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిసినాయి. బళ్ళారి ఊరితో సహా మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రానికి పోయినాయి. అది తర్వాత కర్ణాటక అయింది. మా దాదా భూమి ఎక్కడికీ కదల్లేదు. దాని మీది జిల్లా పేరు, రాష్ట్రం పేరు మారినాయి. ఆ కాగితంలోని ‘బళ్ళారి జిల్లా’ ఈనాటి కర్నూలు జిల్లా. నేను దానికి కర్ణాటక అని తగిలించి, మా దాదాను బతికి ఉండగా ఏనాడూ పోని రాష్ట్రానికి పంపించినా.

ఎస్టీ హోదా విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో కూడా అన్న చెప్పినాడు. మనం ఎక్కడ పుట్టినాం అన్నది కాదు లెక్క. రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన నాటికి మన పెద్దల శాశ్వత నివాసం ఎక్కడ అన్నది లెక్క. కేంద్ర హోం శాఖ 1977లోనే ఈ మాట అన్ని రాష్ట్రాలకూ రాసింది. తర్వాత పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల శాశ్వత నివాసం చూస్తారు. కూలి పనికి పోయిన ఊర్లో బిడ్డ పుడితే ఆ బిడ్డ ఆ రాష్ట్రం జాబితాలోకి పోడు. కాబట్టి పుట్టిన ఊరి గడిలో కర్ణాటక అని నిజం రాయడానికి భయం అక్కర్లేదు. భయపడి దాన్ని ఆదోని అని రాస్తే, బర్త్ సర్టిఫికెట్‌తో కలవక అదే అబద్ధం అవుతుంది. జాగ్రత్తగా రాయాల్సింది రెండో గడి, మూడో గడి.

మరుసటి రోజు సరిచేసి ఇచ్చిన ఫారంలో ఇలా రాసినా:

```
Place of birth: Bellary (now Ballari), Karnataka
District to which you belong: Kurnool, Andhra Pradesh
Father originally belongs to: Adoni, Kurnool, Andhra Pradesh
```

దానితో ఒక పేజీ లెటర్ పెట్టినా. మొదటి ముక్క: 2003 సర్టిఫికెట్‌లోని పేరు, ఇప్పటి పేరు ఒకే ఊరివి, 2014 నవంబర్ 1 నుంచి స్పెల్లింగ్ మారింది. రెండో ముక్క: దాదా కాగితంలోని ఆదోని తాలూకా 1953 అక్టోబర్ 1 నుంచి, ఆంధ్ర రాష్ట్ర చట్టం, 1953 ప్రకారం కర్నూలు జిల్లాలో ఉంది. మూడో ముక్క: మొదట ఇచ్చిన ఫారంలో తండ్రి రాష్ట్రం నేను పొరపాటుగా రాసినా, దానికి బదులు ఇది తీసుకోగలరు. తహసీల్దారు ఇచ్చిన కుల సర్టిఫికెట్ కాపీ వెనక జోడించినా. ఆయన రెండుసార్లు చదివి, “ముందే ఇట్ల రాసింటే సరిపోయేది కదప్పా” అన్నాడు. మూడు వారాలు ఆలస్యమైంది గానీ జాయిన్ అయినా.

అప్పటినుంచి ఏ ఫారం చూసినా, ఈ గడి ఏ రోజు గురించి అడుగుతోంది అని నన్ను నేను అడుగుతా. ఉత్తరం ఎక్కడికి రావాలి అనే గడి ఈ రోజు గురించి. అక్కడ ఇప్పటి పేరే రాయాలి. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో రాస్తే ఇంకా మేలు. ఎమ్మిగనూరును కొందరు `Emmiganur` అని, కొందరు `Yemmiganur` అని రాస్తారు, ఒకే మనిషి ఫారాల్లో రెండూ ఉండకూడదు. పాత పేరు రాసినా ఉత్తరం వస్తుంది, ఎందుకంటే పోస్టు వాళ్ళు చూసేది పిన్ కోడ్. మొదటి మూడు అంకెలు సార్టింగ్ జిల్లా, చివరి మూడు పోస్టాఫీసు. ఆదోని 518301, ఎమ్మిగనూరు 518360. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయినా దాని పిన్ 518501గానే ఉంది. బళ్ళారి స్పెల్లింగ్ మారినా రైల్వే కోడ్ `BAY`గానే ఉంది.

సర్టిఫికెట్ ఏం చెబుతోంది అనే గడి మాత్రం ఆ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు గురించి. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ‘ఇప్పుడు ఫలానా’ అని కలపాలి. నంద్యాల వైపు మన చెంచు తమ్ముళ్ళ పాత సర్టిఫికెట్లలో కర్నూలు జిల్లా అని ఉంటుంది. అది తప్పు కాదు, ఇచ్చిన రోజుకు అదే జిల్లా. ఆన్‌లైన్‌లో కొత్త పేరు మాత్రమే లిస్టులో వస్తే అదే నొక్కండి, అప్‌లోడ్ చేసే కాగితాలతో పాటు ఆ ఒక పేజీ లెటర్ పెట్టండి.

దాదా కాగితం ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టినా. వెనక ఒక చీటీ అంటించినా: ‘ఇది ఆదోని. 1953 తర్వాత కర్నూలు జిల్లా.’ రేపు మా చెల్లెలు ఫారం నింపేటప్పుడు నేను ఇంట్లో ఉంటానో లేదో.