నేను నచ్చుతానా, నాకు నచ్చుతుందా: గుస్తార్ దగ్గర మేం పడ్డ తిప్పలు



మేం నలుగురం ఒకే హాస్టల్ గది అమ్మాయిలం. ముగ్గురివి కోయ ఇళ్లు, ఒకరిది లంబాడా తండా. ఇంట్లో ఒక భాష, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఇంటర్ నుంచి ఇంగ్లీషు. ఇక డిగ్రీలో స్పానిష్ తీసుకున్నాం. మొదటి ఇంటర్నల్‌లో 20 మార్కులకు నలుగురికీ ఆరు, ఏడు మధ్యే వచ్చాయి. పోయిన మార్కుల్లో సగం పైగా ఒక్క ప్రశ్న దగ్గరే పోయాయి. 'మీకూ, మీ ఇంట్లోవాళ్లకూ ఏం ఇష్టమో రాయండి' అన్నదే ఆ ప్రశ్న. ఈ ఏడాది స్పానిష్ తీసుకున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి, అక్కడ మేం ఏం తప్పు చేశామో వివరంగా రాస్తున్నాం.

క్లాసులో మాకు పాఠం ఇంగ్లీషు మీదుగా చెప్పారు. ఇంగ్లీషులో 'ఐ లైక్ కాఫీ' అంటాం. ఇష్టపడే మనిషి కర్త, కాఫీ కర్మ. స్పానిష్‌లో ఇష్టపడడానికి గుస్తార్ అనే క్రియ ఉంది, 'నేను'కు యో అనే మాట ఉంది. మేం రెండూ కలిపి 'యో గుస్తో ఎల్ కఫే' అని రాసేశాం. నలుగురివీ అవే తప్పులు. కాపీ కొట్టామనుకుని మేడమ్ గారు విడివిడిగా పిలిచి అడిగారు కూడా! కాపీ కాదండీ, నలుగురం ఒకే దారిలో వెళ్లి ఒకే గుంతలో పడ్డాం.

సరైన వాక్యం 'మే గుస్తా ఎల్ కఫే'. పుస్తకం దీన్ని 'కాఫీ నన్ను సంతోషపెడుతుంది' అన్నట్టుగా ఇంగ్లీషులో తిప్పి, 'ఇది తలకిందుల క్రియ, అలవాటు చేసుకోండి' అంటుంది. మేం వారం రోజులు దాన్ని అలా తలకిందులుగానే బట్టీ పట్టాం. ఒకరోజు రాత్రి మెస్ నుంచి వస్తూ మాలో ఒకామె 'ఇవ్వాళ పప్పు నాకు అస్సలు నచ్చలేదే' అంది. అని, అక్కడే ఆగిపోయింది. 'ఇందులో నేను ఎక్కడున్నాను?' అంది.

నిజమే కదా. 'నేను పప్పు నచ్చలేదు' అని ఎవరమూ అనం. 'నాకు పప్పు నచ్చలేదు' అంటాం. నచ్చేది పప్పు, అది ఎవరికో నచ్చుతుంది. స్పానిష్‌లో మే అంటే మన 'నాకు'. గుస్తా అంటే 'నచ్చుతుంది'. ఎల్ కఫే అంటే కాఫీ. తలకిందులు అయ్యింది ఇంగ్లీషుకే, మనకు కాదు. మేం రాసిన 'యో గుస్తో ఎల్ కఫే' తెలుగులో ఎలా ఉంటుందో తెలుసా? 'నేను కాఫీ నచ్చుతాను.' ఇది చదివి గదిలో చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత కోపం కూడా వచ్చింది. 'మీ భాషలు పక్కన పెట్టండి, ఇంగ్లీషులో ఆలోచించండి' అన్న మాట మేం మొదటి రోజు నుంచీ విన్నాం మరి.

ఇంక 'నచ్చు' పట్టుకుని క్రియ చివర ఎలా మారుతుందో చూశాం. పాట నచ్చింది, పాటలు నచ్చాయి. ఒక పాటైతే ఒక రూపం, నాలుగు పాటలైతే ఇంకో రూపం. ఎవరికి నచ్చాయన్నది క్రియకు పట్టదు. నాకైనా, మాకైనా, ఊరందరికైనా 'పాట నచ్చింది' అనే అంటాం. గుస్తార్ కూడా అంతే. ఒక పాటకు 'మే గుస్తా లా కాన్సియోన్', పాటలకు 'మే గుస్తాన్ లాస్ కాన్సియోనెస్'. ఇష్టపడేవాళ్లు ఎంతమంది అన్నది ముందున్న చిన్న మాట చూసుకుంటుంది. మే అంటే నాకు, తే అంటే నీకు, లే అంటే అతనికి లేదా ఆమెకు లేదా గౌరవంగా మీకు, నోస్ అంటే మాకు, లెస్ అంటే వాళ్లకు. స్పెయిన్‌లో దగ్గరివాళ్ల గుంపును 'మీకు' అనడానికి ఓస్ అనే మాట కూడా వాడతారు. కాబట్టి 'మాకు పాట నచ్చుతుంది' అంటే 'నోస్ గుస్తా లా కాన్సియోన్'. మేం చాలామందిమి అని గుస్తాన్ రాస్తే తప్పు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'ఇష్టం'తో కొలవొద్దు, 'నచ్చు'తోనే కొలవండి. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. 'నాకు పాట ఇష్టం', 'నాకు పాటలు ఇష్టం', 'నాకు నువ్వు ఇష్టం'. చూడండి, ఇష్టం ఎక్కడా కదలదు, ఎందుకంటే అది నామవాచకం, క్రియ కాదు. మనసులో 'ఇష్టం' పెట్టుకుని రాసిన రోజున మేం అన్నిచోట్లా గుస్తా అనే రాసి, గుస్తాన్ మర్చిపోయాం. 'నచ్చు' పెట్టుకుంటే 'నచ్చుతాయి' దగ్గర చెయ్యి దానంతటదే గుస్తాన్ రాస్తుంది. కాలం విషయంలో మాత్రం 'నచ్చు' కొంచెం మోసం చేస్తుంది. కొత్త చీర చూసి 'నాకు నచ్చింది' అంటాం, అంటే ఇప్పుడూ నచ్చుతోందనే. స్పానిష్‌లో ఇప్పటి సంగతికి గుస్తా, సినిమా చూసి వచ్చి 'నచ్చింది' అనడానికి గుస్తో, చివరి అక్షరం మీద ఒత్తి పలకాలి. అంటే మీ 'నచ్చింది' ఇప్పటిదా, అయిపోయినదా అని ముందు తేల్చుకోవాలి.

ఇంకో తేడా. పనులు నచ్చితే, ఎన్ని పనులైనా ఏకవచనమే. పాడడం, ఆడడం రెండూ నచ్చినా 'మే గుస్తా కాంతార్ ఇ బైలార్'. ఇది గుర్తు పెట్టుకోవడమే, వేరే దారి లేదు.

ఇప్పుడు మమ్మల్ని అన్నింటికంటే ఎక్కువ ఏడిపించిన సంగతి. ఇందులో తెలుగు సాయం చేయదు, పైగా అడ్డుపడుతుంది. అమ్మకు టీ నచ్చుతుంది అని రాయాలి. తెలుగు లెక్కన 'అమ్మకు' ఒక్కసారి చెబితే చాలు. 'కు' బదులు స్పానిష్‌లో ముందు ఆ పెడతారు, అంటే 'ఆ మి మాద్రే'. అందుకని మేం 'ఆ మి మాద్రే గుస్తా ఎల్ తే' అని రాశాం. తప్పు. 'ఆ మి మాద్రే లే గుస్తా ఎల్ తే' అని రాయాలి. అంటే 'మా అమ్మకు, ఆమెకు టీ నచ్చుతుంది' అని రెండుసార్లు చెప్పినట్టు. మనకు అది అధికప్రసంగంలా ఉంటుంది. అక్కడ మాత్రం లే లేకపోతే వాక్యం కుంటుతుంది.

మేం దాన్ని ఇలా అర్థం చేసుకున్నాం. లే అనేది క్రియకు అతుక్కుని ఉండే ముక్క, దాన్ని తీయకూడదు. కానీ లే అంటే అతనికా, ఆమెకా, మీకా అని తెలియదు. అందుకే ఎవరికో చెప్పాల్సి వచ్చినప్పుడు 'ఆ మి మాద్రే' ముందు తగిలిస్తారు. ఎవరి గురించో అప్పటికే తెలిస్తే 'లే గుస్తా ఎల్ తే' ఒక్కటే చాలు. మే విషయంలో అయోమయం లేదు కాబట్టి మామూలుగా 'ఆ మీ' అక్కర్లేదు. అయినా 'ఆ మీ మే గుస్తా' అంటే అది మన 'నాకైతే నచ్చుతుంది'. పక్కవాళ్లకు నచ్చకపోయినా సరే, నాకైతే.

మా ప్రశ్నకే మళ్లీ వెళ్దాం. అమ్మకు టీ, తమ్ముళ్లకు సినిమాలు, నాకు పాటలు. ముందు తెలుగులో 'నచ్చు'తో రాసుకున్నాం. తమ్ముళ్లకు సినిమాలు నచ్చుతాయి. నచ్చేవి సినిమాలు, బహువచనం, కాబట్టి గుస్తాన్. ఎవరికి? తమ్ముళ్లకు, కాబట్టి లెస్. ముందు ఆ పెట్టి 'ఆ మిస్ ఎర్మానోస్ లెస్ గుస్తాన్ లాస్ పెలీకులాస్'. అదే తమ్ముళ్లకు అన్నం నచ్చుతుంది అంటే 'లెస్ గుస్తా ఎల్ అర్రోస్'. మనుషులు చాలామంది, అన్నం ఒకటి. లెస్ పక్కన గుస్తా చూసి తప్పేమో అని దిద్దేయకండి. మాలో ఒకామె సరిగ్గా రాసి, తర్వాత దిద్ది, మార్కు పోగొట్టుకుంది. ఎల్, లోస్, లా, లాస్ కూడా వదలొద్దు. మన దగ్గర అలాంటి మాటలు లేవు కదా అని 'మే గుస్తా కఫే' అంటే అది అరకొర వాక్యం.

ఇదే దారిలో నడిచే క్రియలు ఇంకా ఉన్నాయి. 'నాకు కాళ్లు నొప్పెడుతున్నాయి' అంటే 'మే దువేలెన్ లాస్ పియెర్నాస్'. తల ఒక్కటే అయితే 'మే దువేలే లా కబేసా'. 'నాకు రెండు పుస్తకాలు తక్కువయ్యాయి' అంటే 'మే ఫాల్తాన్ దోస్ లిబ్రోస్'. ఇవి దొరికాక మాకు ధైర్యం ఎక్కువై, 'నాకు' కనిపించిన చోటల్లా మే పెట్టేశాం. అది రెండో గుంత. ఆకలి వేస్తే స్పానిష్‌లో 'తెంగో ఆంబ్రే', అంటే 'నేను ఆకలి కలిగి ఉన్నాను' అన్నట్టు. జ్వరం వచ్చినా 'తెంగో ఫియెబ్రే'. నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు అన్నా తెంగోనే. ఇవన్నీ 'నేను' వాక్యాలు. నాకు తెలుసు అన్నదీ, నాకు కావాలి అన్నదీ అంతే. మన 'నాకు' చాలా పెద్దది, వాళ్ల మే దానిలో ఒక మూల మాత్రమే. ఏ క్రియ ఆ మూలలో ఉందో ఒక్కొక్కటిగా నేర్చుకోవాలి. మేం గోడకు కాగితం అంటించి, 'మే' వరస ఒకవైపు, 'తెంగో' వరస ఒకవైపు రాసుకున్నాం.

మనుషులు నచ్చిన సంగతి కూడా చెప్పాలి. 'నువ్వు నాకు నచ్చావు' అంటే 'మే గుస్తాస్'. వ్యాకరణం సరిగ్గా సరిపోయింది, చివర 'ఆవు' బదులు 'ఆస్'. మా రూమ్మేట్ ఆ సంతోషంలో, నోట్స్ ఇచ్చిన సీనియర్ అక్కతో అందరి ముందూ 'మే గుస్తాస్' అంది. అక్క ముఖం ఎర్రబడింది, వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. మనిషితో ఆ మాట అంటే సాధారణంగా మనసు పడ్డాను అనే అర్థం వస్తుందట. నువ్వు మంచిదానివి, నాకు నచ్చావు అనడానికి 'మే కాయెస్ బియెన్' అంటారు. అందులోనూ మే ఉంది, క్రియ ఎదుటిమనిషితోనే కలుస్తుంది. అక్క తర్వాత మా గదికి వచ్చి తనే నేర్పింది.

మీ ఇంటి భాషలో కూడా ఒకసారి చూసుకోండి. లంబాడాల గోర్ బోలి తెలుగు, కోయల కుటుంబం భాష కాదు. అయినా మా తండా అమ్మాయి వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, 'నచ్చింది', 'నొప్పెడుతోంది' అన్నవి మీరు ఎలా అంటారని అడిగి రాసుకుంది. హిందీ వచ్చినవాళ్లు 'ముఝే పసంద్ హై' గుర్తు చేసుకోండి. అక్కడా 'నాకు'నే ఉంది.

రెండో ఇంటర్నల్‌లో నలుగురికీ పద్నాలుగు దాటాయి. ఒకామె మాత్రం ఇంకా 'ఆ మి మాద్రే' తర్వాత లే మర్చిపోతూనే ఉంది. ఆమె పుస్తకం అట్ట మీద మేమే పెద్దగా 'లే' అని రాసి పెట్టాం.